న్యూట్రల్ వైరు ఎందుకు వేడెక్కుతోంది?

ఒక ఇంజినీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబును ఊహించుకోండి. ముప్పై పాత డెస్క్‌టాప్‌లు, వాటికి త్రీఫేజ్ సప్లై. వైరింగ్ చేసినాయన పనిమంతుడు. ఏ ఫేజు మీదా భారం ఎక్కువ పడకుండా పదేసి కంప్యూటర్ల చొప్పున మూడు ఫేజులకూ సమానంగా పంచాడు. మూడు ఫేజుల మీదా లోడు సమానంగా ఉంటే న్యూట్రల్‌లో కరెంటు దాదాపు సున్నా అని ఐటీఐలో చేరిన కొత్తలోనే చెబుతారు. హీటర్లకూ, మోటార్లకూ, పాత ఫిలమెంటు బల్బులకూ ఆ లెక్క చక్కగా సరిపోతుంది. ఈ ల్యాబులో మాత్రం అది తప్పుతుంది. ఫేజు వైర్లు గోరువెచ్చగా ఉన్నప్పుడే న్యూట్రల్ వైరు కాలిపోతుంటుంది. కొన్నాళ్లకు న్యూట్రల్ లింకు దగ్గర స్క్రూ నల్లబడుతుంది, ఇన్సులేషన్ పెళుసెక్కుతుంది. అయినా ఎంసీబీ పడిపోదు. ఎంసీబీలు పెట్టింది ఫేజుల్లో, న్యూట్రల్‌లో కాదు.

ప్రమాదం అక్కడితో ఆగదు. కాలిన ఆ జాయింటు ఏదో ఒక రోజు పూర్తిగా ఊడితే, ఫేజుకూ ఫేజుకూ మధ్య ఉండే 400 పైచిలుకు ఓల్టులను కంప్యూటర్లు తమలో తాము పంచుకోవాల్సి వస్తుంది. తక్కువ కంప్యూటర్లు ఆన్‌లో ఉన్న ఫేజు మీద 230 బదులు 300 ఓల్టులో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. వరసగా పవర్ సప్లైలు పేలతాయి. కంప్యూటర్లలో ఏ లోపమూ లేకుండానే, వైరింగూ పద్ధతి ప్రకారమే ఉండగానే ఇంత నష్టం ఎలా జరుగుతుందో తెలియాలంటే, గోడ సాకెట్టు నుంచి కంప్యూటర్ కరెంటును ఎలా తీసుకుంటుందో చూడాలి.

మన సాకెట్టులో వచ్చేది సెకనుకు 100 సార్లు దిశ మార్చుకునే ఏసీ. 230 ఓల్టులు అనేది దానికి మనం చెప్పుకునే సగటు లాంటి విలువ. నిజానికి ఓల్టేజి సున్నా నుంచి మొదలై, నున్నగా 325 ఓల్టుల దాకా ఎక్కి, మళ్లీ సున్నాకు దిగి, అవతలి దిశలోనూ అంతే ఎత్తుకు వెళ్తుంది. సున్నా నుంచి సున్నాకు పట్టే కాలం 10 మిల్లీసెకన్లు. హీటరును పెడితే కరెంటు కూడా అచ్చంగా ఆ ఆకారంలోనే ఎక్కి దిగుతుంది.

కంప్యూటర్‌లోని పవర్ సప్లైకి, అంటే ఎస్‌ఎంపీఎస్‌కు, కావలసింది డీసీ. అందుకని లోపలికి రాగానే నాలుగు డయోడ్ల బ్రిడ్జి ఒకటి ఏసీని ఒకే దిశకు తిప్పుతుంది. దాని వెనకే ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది. అది 325 ఓల్టుల శిఖరం దాకా నిండి, లోపలి సర్క్యూట్లకు కరెంటు ఇస్తూ మెల్లగా 300 ప్రాంతానికి దిగుతుంది. చిక్కంతా ఇక్కడే. కెపాసిటర్ మీద 300 ఓల్టులు ఉన్నంత సేపూ, బయటి ఓల్టేజి 300 దాటితే తప్ప డయోడ్లు తెరుచుకోవు. ప్రతి 10 మిల్లీసెకన్లలో అలా దాటేది శిఖరం దగ్గర రెండున్నర మిల్లీసెకన్ల పాటు మాత్రమే. మిగిలిన ఏడున్నర మిల్లీసెకన్లూ కంప్యూటర్ లైను నుంచి ఏమీ తీసుకోదు. కావలసిందంతా ఆ కాసేపట్లోనే గుంజుకుంటుంది. ఊరందరూ రోజంతా నీళ్లు వచ్చే కుళాయిని వదిలేసి, పొద్దున ఒకే పావుగంటలో బిందెలు నింపుకుంటే గొట్టం ఎంత లావుదైనా ఎలా చాలదో, ఇక్కడా అంతే.

లెక్క కట్టి చూద్దాం. కంప్యూటర్ లైను నుంచి తీసుకునేది 200 వాట్లు అనుకుందాం. హీటరులాగా తీసుకుంటే 200ను 230తో భాగించి, 0.87 ఆంపియర్లు చాలు. కరెంటు శిఖరం కూడా 1.23 ఆంపియర్లు దాటదు. పైన చెప్పిన పద్ధతిలో తీసుకుంటే మాత్రం ఆ రెండున్నర మిల్లీసెకన్లలో కరెంటు దాదాపు 4 ఆంపియర్లకు ఎగబాకుతుంది. వైరును వేడెక్కించే అసలు విలువ, అంటే ఆర్‌ఎంఎస్ విలువ, సుమారు 1.4 ఆంపియర్లు. దాన్ని 230 ఓల్టులతో గుణిస్తే 322 వస్తుంది. కంప్యూటర్ వాడుకున్నది 200 వాట్లే అయినా, దాని కోసం వైర్లూ ట్రాన్స్‌ఫార్మరూ 322 వోల్ట్ ఆంపియర్ల భారం మోయాలి. 200ను 322తో భాగిస్తే వచ్చే 0.62నే పవర్ ఫ్యాక్టర్ అంటారు. అది 1 అయితే మోసిన భారమంతా పనికొచ్చినట్టు. వైరులో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 0.87 బదులు 1.4 ఆంపియర్లు పారితే వైరు రెండున్నర రెట్లు వేడి పుట్టిస్తుంది.

పవర్ ఫ్యాక్టర్ అన్న మాట మన రైతులకు కొత్తది కాదు. బోరు మోటారు స్టార్టరు పక్కన కెపాసిటర్ బిగించుకోవాలని విద్యుత్ సంస్థలు చెబుతూ వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత విద్యుత్తుకు పెట్టిన షరతుల్లో అదీ ఒకటి. అయితే మోటారు జబ్బు వేరు. మోటారు తీసుకునే కరెంటు ఆకారం చక్కగానే ఉంటుంది, కాకపోతే ఓల్టేజి కన్నా కాస్త వెనకబడి నడుస్తుంది. కెపాసిటర్ తీసుకునే కరెంటు ఓల్టేజి కన్నా ముందు నడుస్తుంది. రెండూ కలిస్తే వెనకబాటు పోతుంది. కంప్యూటర్ కరెంటు వెనకా లేదు, ముందూ లేదు. సరిగ్గా ఓల్టేజి శిఖరం దగ్గరే ఉంది. చెడింది దాని ఆకారం. ఆకారం చెడినదాన్ని స్టార్టరు పక్కన పెట్టే కెపాసిటర్ బాగు చేయలేదు. ఈ తేడా తెలియక, పవర్ ఫ్యాక్టర్ తగ్గిందనగానే కెపాసిటర్లు కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దానివల్ల కొన్నిసార్లు కొత్త తంటా వచ్చిపడుతుంది. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ఆకారం చెడడమంటే ఏమిటో లెక్కల్లో చెప్పే పద్ధతి ఒకటుంది. ఎంత వంకర ఆకారమైనా, పదే పదే అదే తీరుగా వస్తుంటే, దాన్ని కొన్ని నున్నటి తరంగాల మొత్తంగా విడగొట్టవచ్చని ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త ఫూరియే చూపించాడు. మన కంప్యూటర్ కరెంటును అలా విడగొడితే 50 హెర్ట్జ్‌ల అసలు తరంగంతో పాటు 150, 250, 350 హెర్ట్జ్‌ల తరంగాలు బయటపడతాయి. అసలుదానికి మూడు, ఐదు, ఏడు రెట్లన్న మాట. వీటినే హార్మోనిక్స్ అంటారు. మన 200 వాట్ల కంప్యూటర్‌లో 50 హెర్ట్జ్ భాగం 0.88 ఆంపియర్లు ఉంటే, మూడో హార్మోనిక్ ఒక్కటే 0.7 ఆంపియర్లకు పైగా ఉంటుంది. ఐదోది 0.58 దాకా వస్తుంది. వాటేజీ అంతా 50 హెర్ట్జ్ భాగానిదే. మిగతావి వాట్లు దాదాపు ఏమీ మోయకుండానే వైర్లను వేడెక్కిస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇవి ఇంకా బరువు. దాని చుట్లలో ఎడ్డీ కరెంట్ల వల్ల కలిగే నష్టం ఫ్రీక్వెన్సీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే ఆంపియరు 50 హెర్ట్జ్‌ల దగ్గర కన్నా 250 హెర్ట్జ్‌ల దగ్గర పాతిక రెట్లు ఎక్కువ నష్టం కలిగిస్తుంది.

న్యూట్రల్ ఎందుకు కాలిందో ఇప్పుడు సులువుగా అర్థమవుతుంది. సమానమైన మూడు ఫేజుల కరెంట్లు న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలంటే, అవి ఒకే సమయంలో అక్కడ ఉండాలి. హీటర్ల కరెంట్లు అలాగే ఉంటాయి. ఒకటి అటు పోతుంటే మిగతా రెండూ కలిసి సరిగ్గా అంతే ఇటు వస్తుంటాయి. కంప్యూటర్లు రెండున్నర మిల్లీసెకన్లే గుంజుకుంటాయి కదా. మూడు ఫేజుల శిఖరాలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి 3.3 మిల్లీసెకన్ల ఎడంతో వస్తాయి. అంటే ఒక ఫేజు గుంజుకుంటున్నప్పుడు మిగతా రెండూ ఖాళీగా ఉంటాయి. కొట్టేయడానికి ఎదురుగా ఎవరూ లేరు. మూడు ఫేజుల పోట్లూ ఒకదాని వెనక ఒకటి న్యూట్రల్‌లోకే దిగుతాయి. ఫేజుకు పది కంప్యూటర్లు, ఒక్కోటి 1.4 చొప్పున 14 ఆంపియర్లు. న్యూట్రల్‌లో 14ను 1.73తో గుణించినంత, అంటే సుమారు 24 ఆంపియర్లు. హార్మోనిక్స్ భాషలో ఇదే సంగతిని, మూడో హార్మోనిక్ మూడు ఫేజుల్లోనూ ఒకేసారి ఎక్కి ఒకేసారి దిగుతుంది కాబట్టి న్యూట్రల్‌లో కూడుతుంది అని చెబుతారు. ఫేజు వైరు ఎంత లావో న్యూట్రల్ కూడా అంతే లావు, కొన్నిచోట్ల పొదుపు కోసం అంతకన్నా సన్నం. కాలక ఏమవుతుంది?

దీన్ని కనిపెట్టడంలో ఒక మోసం ఉంది. ఎలక్ట్రీషియన్ చేతిలోని చవక క్లాంప్ మీటరు కరెంటు సగటును కొలిచి, ఆకారం నున్నటి తరంగమే అనుకుని 1.11తో గుణించి చూపిస్తుంది. మన కంప్యూటర్ కరెంటు సగటు దాదాపు 0.65 ఆంపియర్లు. ఆ మీటరు 0.72 అని చూపిస్తుంది. అసలు విలువ 1.4. పది కంప్యూటర్ల ఫేజు మీద 14 ఆంపియర్లు పారుతుంటే మీటరులో ఏడే కనిపిస్తాయి. అంతా బాగుందని ఆయన నమ్మకంగా చెప్పి వెళ్తాడు. అందుకే ఇలాంటి చోట్ల ట్రూ ఆర్‌ఎంఎస్ అని రాసి ఉన్న మీటరే వాడాలి, ఫేజులతో పాటు న్యూట్రల్‌ను కూడా కొలవాలి. ఫేజు కన్నా న్యూట్రల్‌లో ఎక్కువ చూపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇందాక చెప్పిన కెపాసిటర్ తంటా ఇది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టకూ, పవర్ ఫ్యాక్టర్ కోసం పెట్టిన కెపాసిటర్లకూ మధ్య ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర రెజొనెన్స్ వస్తుంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, దాని ఇంపెడెన్స్ నాలుగున్నర శాతం. దాని మీద 45 కేవీఏఆర్ కెపాసిటర్లు పెడితే ఆ ఫ్రీక్వెన్సీ సుమారు 350 హెర్ట్జ్‌లు, సరిగ్గా ఏడో హార్మోనిక్. అప్పుడు చిన్నగా ఉన్న ఏడో హార్మోనిక్ కూడా అక్కడ ఎన్నో రెట్లు పెరుగుతుంది. కెపాసిటర్ల ఫ్యూజులు తరచూ పోవడం, డబ్బాలు ఉబ్బడం, ట్రాన్స్‌ఫార్మర్ హోరు పెరగడం దాని గుర్తులు.

కాబట్టి అసలు మందు లోడు లోపలే ఉండాలి. అదే పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ స్టేజి, వాడుకలో పీఎఫ్‌సీ. ఇందులో చవక రకం ఒకటి ఉంది. లైనుకు వరసగా ఒక బరువైన ఇనుప కోర్ కాయిల్ పెడతారు. అది కరెంటు పోటును కాస్త వెడల్పు చేసి పవర్ ఫ్యాక్టర్‌ను 0.7 దాటిస్తుంది. అంతకు మించి దానికి చేతకాదు. నిజంగా ఆకారాన్ని దిద్దేది యాక్టివ్ పీఎఫ్‌సీ. దాని పనితీరు చూస్తే నాకు ఇంజినీర్ల మీద గౌరవం పెరుగుతుంది.

కెపాసిటర్ ఓల్టేజి కన్నా లైను ఓల్టేజి తక్కువ ఉన్నప్పుడు కరెంటు లోపలికి రాకపోవడమే కదా జబ్బు. పీఎఫ్‌సీ చేసే మొదటి పని ఆ అడ్డును దాటడం. బ్రిడ్జికీ పెద్ద కెపాసిటర్‌కీ మధ్య ఒక ఫెరైట్ కాయిల్, ఒక మాస్‌ఫెట్ స్విచ్చి, ఒక ఫాస్ట్ డయోడ్ ఉంటాయి. స్విచ్చి మూసినప్పుడు కాయిల్ నేరుగా లైను మీద పడుతుంది, దానిలో కరెంటు పెరుగుతుంది. స్విచ్చి తెరిచినప్పుడు, పారుతున్న కరెంటును కాయిల్ ఒక్కసారిగా ఆగనివ్వదు. తన ఓల్టేజిని లైను ఓల్టేజికి కలిపి, డయోడు గుండా కెపాసిటర్‌లోకి నెడుతుంది. అలా కెపాసిటర్ మీద ఎప్పుడూ 390 ఓల్టుల ప్రాంతంలో ఉండేలా చూస్తారు. అది లైను శిఖరం 325 కన్నా ఎప్పుడూ ఎక్కువే. లైను 265 ఓల్టులకు పెరిగి శిఖరం 375 దాకా వచ్చినా 390 కింద కరెంటు అదుపులోనే ఉంటుంది.

ఈ స్విచ్చి సెకనుకు దాదాపు 65 వేల సార్లు తెరుచుకుని మూసుకుంటుంది, అంటే ప్రతి 10 మిల్లీసెకన్లలో 650 సార్లు. ఒక్కో సారీ కాలం 15 మైక్రోసెకన్లు. లైను ఇంకా 100 ఓల్టుల దగ్గరే ఉందనుకోండి. అప్పుడు స్విచ్చి ఆ 15లో 11 మైక్రోసెకన్లు మూసి ఉంటుంది. లైను శిఖరానికి చేరినప్పుడు రెండున్నర మైక్రోసెకన్లు చాలు. ఎంతసేపు మూయాలో కంట్రోలర్ చిప్ నిర్ణయిస్తుంది. దాని ముందు ఒక నమూనా ఉంటుంది, అది లైను ఓల్టేజి ఆకారమే. కాయిల్‌లోని కరెంటును ఆ ఆకారం వెంట నడిపించడమే దాని పని. మన 200 వాట్లకు లైను 100 ఓల్టుల దగ్గర 0.38 ఆంపియర్లు, 325 దగ్గర 1.23 ఆంపియర్లు. రెండు చోట్లా ఓల్టేజిని కరెంటుతో భాగించి చూడండి, 264 ఓంలే వస్తుంది. అంటే లైనుకు ఈ కంప్యూటర్ ఇప్పుడు 264 ఓంల మామూలు హీటరులా కనిపిస్తోంది. పవర్ ఫ్యాక్టర్ 0.98, 0.99 దాకా చేరుతుంది.

కంట్రోలర్‌కు ఇంకో పని కూడా ఉంది, ఆ 390 ఓల్టులను నిలబెట్టడం. లోడు పెరిగి 390 తగ్గుతుంటే నమూనాను మొత్తంగా పెద్దది చేస్తుంది, పెరుగుతుంటే చిన్నది చేస్తుంది. ఈ రెండో పనిని కావాలనే నిదానంగా చేయిస్తారు. లైను నుంచి శక్తి ఎలాగూ సెకనుకు వంద సార్లు ఎక్కి దిగుతూ వస్తుంది. కంప్యూటర్‌కు మాత్రం నిలకడగా కావాలి. ఆ తేడాను కెపాసిటర్ మోయాలి. 150 మైక్రోఫారడ్ల కెపాసిటర్ అయితే దాని ఓల్టేజి సుమారు 10 ఓల్టుల మేర అలా ఊగుతూనే ఉంటుంది. కంట్రోలర్ తొందరపడి ఆ ఊగడాన్ని కూడా సరిచేయబోతే కరెంటు ఆకారం మళ్లీ చెడుతుంది. డిజైనులో కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

రిపేరు చేసేవాళ్లకు ఇందులో ఒక తేలికైన గుర్తు ఉంది. పెద్ద కెపాసిటర్ మీద 390 ప్రాంతం ఉంటే పీఎఫ్‌సీ పని చేస్తున్నట్టు, 325 మాత్రమే ఉంటే స్విచ్చి కదలడం లేదన్న మాట. ప్లగ్ తీసిన తర్వాత కూడా ఆ కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత చార్జి చాలాసేపు ఉంటుంది కనుక ఈ కొలత అనుభవం ఉన్నవాళ్లే తీయాలి. మామూలు వాడకందారు బయటి నుంచే పోల్చుకోవచ్చు. వెనక 115/230 అని చిన్న ఎర్ర స్విచ్చి ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లో సాధారణంగా యాక్టివ్ పీఎఫ్‌సీ ఉండదు. స్విచ్చి లేకుండా 100 నుంచి 240 ఓల్టుల దాకా అని రాసి ఉన్న డెస్క్‌టాప్ సప్లైలో చాలావరకు ఉంటుంది. ల్యాబులో అలాంటివి పెడితే ఫేజులో 14 బదులు 9 ఆంపియర్లు, న్యూట్రల్‌లో ఒకటో రెండో ఆంపియర్లు మిగులుతాయి.

ఇదంతా తయారీదారులు దయతలిచి చేసింది కాదు. ఐఈసీ 61000-3-2 అనే అంతర్జాతీయ ప్రమాణం హార్మోనిక్స్‌కు హద్దులు గీసింది, ఐరోపాలో అది 2001 నుంచి తప్పనిసరి అయింది. కంప్యూటర్లు, టీవీలు వాడే ప్రతి వాటుకూ మూడో హార్మోనిక్ 3.4 మిల్లీఆంపియర్లు మించకూడదు. మన 200 వాట్లకు హద్దు 0.68 ఆంపియర్లు. పీఎఫ్‌సీ లేని మన కంప్యూటర్ అక్కడ కొద్దిలో, ఐదో హార్మోనిక్‌లో బాగా తప్పుతుంది. అయితే ఈ హద్దు 75 వాట్లు దాటినవాటికే. ఫోను చార్జర్లూ, 65 వాట్ల ల్యాప్‌టాప్ అడాప్టర్లూ పీఎఫ్‌సీ లేకుండా వచ్చేది అందుకే. 25 వాట్ల లోపు ఎల్‌ఈడీ బల్బులకు కూడా నియమం బాగా సడలించారు. దీంతో నాకు పేచీ ఉంది. ఒక బల్బు చిన్నదే, కానీ ఒక వీధిలో అవి వందలు. పవర్ ఫ్యాక్టర్ 0.55 ఉన్న 9 వాట్ల బల్బు 71 మిల్లీఆంపియర్లు తీసుకుంటే, 0.9 ఉన్నది 43తో సరిపెట్టుకుంటుంది. వెలుగు రెండింటిదీ ఒకటే.

దీనివల్ల ఇంటి బిల్లు తగ్గుతుందా అంటే, తగ్గదు. ఇంటి మీటరు కిలోవాట్ అవర్లనే లెక్కిస్తుంది, వోల్ట్ ఆంపియర్లను కాదు. పైగా పీఎఫ్‌సీ స్టేజి కూడా కొన్ని శాతాల శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది. కేవీఏహెచ్ లెక్కన బిల్లు కట్టే హెచ్‌టీ వినియోగదారులకు మాత్రం లాభం నేరుగా బిల్లులోనే కనిపిస్తుంది. ఇంట్లో ప్లగ్గుకు పెడితే బిల్లు సగమవుతుందంటూ పవర్ సేవర్ పేరుతో అమ్మే చిన్న డబ్బాలను విప్పి చూస్తే సాధారణంగా ఒక కెపాసిటరూ ఒక చిన్న లైటూ కనిపిస్తాయి. అది మీ మీటరును తగ్గించదు, మీ టీవీ కరెంటు ఆకారాన్ని దిద్దదు. ఆ డబ్బు దాచుకోండి. బల్బు కొనేటప్పుడు పెట్టె మీద పవర్ ఫ్యాక్టర్ ఎంత రాశారో చూసి 0.9, ఆపైన ఉన్నది అడిగి తీసుకోండి.